నైట్ సిస్టర్ ఫోన్‌లో ఎస్‌బార్ ఎలా వచ్చిందంటే

గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల్లో ఏ నైట్ డ్యూటీ సిస్టర్‌ని అడిగినా ఒకటే చెప్తారు, రాత్రి రెండింటికి డాక్టర్‌కి ఫోన్ చేసి "సార్ సాచురేషన్ తగ్గుతోంది" అంటే "ఆక్సిజన్ పెంచమ్మా" అని పెట్టేస్తారు అని. పెంచుతారు, నంబర్ పైకొస్తుంది, గంటకి మళ్లీ పడుతుంది, మళ్లీ పెంచుతారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, ఎందుకంటే నిమిషానికి రెండు లీటర్ల ఆక్సిజన్ మీద 94, పది లీటర్ల మీద 94 ఒకటి కావు, మానిటర్ మాత్రం రెండూ ఒకేలా చూపిస్తుంది.

1970ల్లో జపాన్ ఇంజినీర్ తకువో అఓయాగి, రక్తంలో ఆక్సిజన్ శాతం సూది లేకుండా కొలిచే పల్స్ ఆక్సీమీటర్ సూత్రం కనిపెట్టాక ఈ నంబర్ మెల్లగా వార్డుల్లోకి వచ్చింది. నంబర్ వచ్చింది గానీ దాన్ని ఫోన్‌లో ఎలా చెప్పాలో ఎవరూ నేర్పలేదు. నర్సులకి జరిగింది మొత్తం వివరంగా రాయడం అలవాటు, డాక్టర్‌కేమో అసలు సంగతి ముందు కావాలి, పైగా "మీరు రండి" అని పెద్దవాళ్లకి చెప్పడానికి మొహమాటం. అమెరికా న్యూక్లియర్ సబ్‌మెరైన్లలో కింది ఉద్యోగి పరిస్థితి చెప్పి తన సిఫార్సు కూడా చెప్పే పద్ధతి ఉండేది. అక్కడ పనిచేసొచ్చిన డగ్ బోనకమ్, ఆయనతో పాటు డాక్టర్ మైకేల్ లియొనార్డ్ వాళ్లు 2000ల మొదట్లో కైజర్ పర్మనెంటే అనే వైద్య సంస్థలో దాన్ని ఆసుపత్రికి మార్చారు, 2007లో డబ్ల్యూహెచ్ఓ కూడా వాడమంది. అదే ఎస్‌బార్, అంటే సిచువేషన్, బ్యాక్‌గ్రౌండ్, అసెస్‌మెంట్, రికమెండేషన్, అంతే.

మన దగ్గర చెప్తే ఇలా ఉంటుంది.

"సార్, మేల్ మెడికల్ వార్డ్ నైట్ సిస్టర్‌ని. ఆరో బెడ్ పేషెంట్‌కి సాచురేషన్ పడిపోతోంది, ఆరు లీటర్ల మాస్క్ మీద 87. 58 ఏళ్లు, నిన్న నిమోనియాతో అడ్మిట్ అయ్యారు, సీఓపీడీ లేదు, పదింటికి రెండు లీటర్ల మీద 95, ఒంటిగంటకి నాలుగు మీద 92. ప్రోబ్ వేరే వేలికి మార్చి చూశా, వేవ్ బానే ఉంది. రెస్పిరేటరీ రేట్ 34, పల్స్ 122, మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. నిమోనియా ముదురుతోంది, అలిసిపోతున్నారనిపిస్తోంది. ఎన్ఆర్‌బీఎం మాస్క్ 15 లీటర్లు పెట్టాను. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్, ఈలోగా ఏబీజీకి బ్లడ్ శాంపిల్ తీయించి ఐసీయూకి చెప్పమంటారా?"

నిమిషం కూడా పట్టదు. ఇందులో నాకు ముఖ్యమనిపించేవి ఆ గంటగంటకీ లీటర్లతో కలిపి చెప్పిన నంబర్లు, అవి ఉంటే "పెంచమ్మా" అనే మాట రాదు, ఆల్రెడీ మూడుసార్లు పెంచారని అక్కడే తెలిసిపోతుంది. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు, లేదని చెప్పడం కూడా ఊరికే కాదు, ఆ జబ్బున్నవాళ్లకి మామూలుగా పెట్టుకునే టార్గెట్ 88 నుంచి 92, వాళ్లకి ఆక్సిజన్ మరీ ఎక్కువిస్తే కార్బన్ డయాక్సైడ్ పెరిగి మగతలోకి పోవచ్చు.

చాలామంది ఆగిపోయేది చివరి రెండు ముక్కల దగ్గరే. డయాగ్నసిస్ చెప్పడం మన పని కాదు కదా అనుకుంటారు, కానీ "నిమోనియా" అనే మాట రాకపోయినా "ఏమైందో తెలీట్లేదు సార్, కానీ పేషెంట్ దిగజారుతున్నారు, రండి" అన్నా అసెస్‌మెంటే. డాక్టర్ చెప్పిన ఆర్డర్‌ని తిరిగి చదివి వినిపించి, ఫోన్ చేసిన టైమ్‌తో సహా కేస్ షీట్‌లో రాయాలి. అయినా ఆయన రాకపోతే, నంబర్ ఇంకా పడుతుంటే, పొద్దున రౌండ్స్ దాకా చూడకుండా నైట్ సూపర్‌వైజర్‌కీ ఐసీయూ డాక్టర్‌కీ అదే మెసేజ్ అదే వరసలో చెప్పాలి.