తప్పు గ్రూపులో పడ్డ మెసేజ్: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో కౌన్సెలింగ్ చేస్తాను. నా దగ్గరికి వచ్చే కొందరి బాధ వింటే బయటివాళ్లకు నవ్వొస్తుంది. ఒకరికి పంపాల్సిన మెసేజ్ ఇంకొకరికి పోయింది, పెళ్లిలో పేరు తప్పు పిలిచాను, జోకేస్తే ఎవరూ నవ్వలేదు. వాళ్లకేమో నాలుగు రోజులుగా నిద్ర లేదు. నేను చూసినంతలో అసలు పొరపాటు కన్నా, దాన్ని కప్పెయ్యడానికి చేసిన పనితోనే లొల్లి పెద్దదవుతుంది.

ఒక కేసు చెబుతాను. మనుషులు తెలియకుండా వివరాలు మార్చాను. సద్దుల బతుకమ్మకు వారం ముందు ఒకావిడ పరకాలలో ఉన్న చెల్లెలికి ఇలా రాయాలనుకుంది: "మా ఆడబిడ్డ ఈసారి కూడ మూడు దినాలుంటదట. ఒక్క గిన్నె కడగది." సరిగ్గా ఆమె చెల్లెలి పేరు నొక్కబోయే క్షణంలో అత్తగారింటి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఫోటో పెట్టారు. గ్రూపు పైకొచ్చింది, చెల్లెలి పేరు కిందికి జారింది. వేలు పడాల్సిన చోటే పడింది కానీ అక్కడ ఉన్నది గ్రూపు. చూసుకోకుండా అందులోనే టైప్ చేసి పంపేసింది. ఆడబిడ్డ అందులోనే ఉంది.

అపోహ: వెంటనే డిలీట్ చేస్తే అయిపోయినట్టే.

డిలీట్ చెయ్యాల్సిందే, కానీ అంతటితో అయిపోదు. కంగారులో చాలామంది `Delete for everyone` బదులు `Delete for me` నొక్కుతారు. అప్పుడు మెసేజ్ మన ఫోన్‌లో మాయమై, మిగతా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. అలా జరిగితే కింద కొన్ని సెకన్ల పాటు `Undo` కనిపిస్తుంది, దాన్ని పట్టుకోవాలి. అందరికీ డిలీట్ చెయ్యడానికి రెండు రోజులకు పైనే గడువుంది కాబట్టి చేతులు వణికించుకోవాల్సిన పని లేదు.

డిలీట్ చేసే ముందు రెండు సెకన్లు ఆగి, మెసేజ్‌ను నొక్కిపట్టి ఇన్ఫో చూడమంటాను. గ్రూపుల్లో ఎవరు చదివారో అక్కడ ఉంటుంది. బ్లూ టిక్కులు ఆపేసుకున్నవాళ్లు కూడా గ్రూపులో మాత్రం దాక్కోలేరు. అయితే ఆ లిస్టును పూర్తిగా నమ్మకండి. గ్రూపు తెరవకుండా పైన వచ్చిన నోటిఫికేషన్‌లోనే చదివినవాళ్ల పేర్లు అందులో రావు. మన ఆవిడ చూసినప్పుడు చదివినవాళ్లు ఇద్దరే, ఆడబిడ్డ పేరు లేదు. హమ్మయ్య అనుకుని డిలీట్ చేసింది. ఆడబిడ్డ అప్పటికే నోటిఫికేషన్‌లో చదివేసింది.

డిలీట్ చేశాక ఆ చోట `This message was deleted` అన్న గుర్తు మిగులుతుంది. ఏం పెట్టి తీసేసిందో అని అందరికీ అనుమానం. కాబట్టి ఎవరి గురించి రాశామో వాళ్లు ఆ గ్రూపులో ఉంటే, చదివారనే లెక్క వేసుకుని నడవాలి.

అపోహ: ఏదో ఒక సాకు చెబితే గొడవ చల్లారుతుంది.

ఆవిడ గ్రూపులో పెట్టిన తర్వాతి మెసేజ్: "ఫోన్ చిన్నోడి దగ్గర ఉండె, ఏదేదో నొక్కిండు." చిన్నోడికి ఆరేళ్లు. ఆరేళ్ల పిల్లాడు మేనత్త గిన్నెలు కడగదని రాశాడంటే ఎవరు నమ్ముతారు? ఆడబిడ్డ నా ముందుకు వచ్చినప్పుడు గిన్నెల మాట ఎక్కువ ఎత్తనే లేదు. "గా పిల్లగాని మీద ఎందుకు వెయ్యాలె సార్?" అన్న మాటే మూడుసార్లు అంది. అంటే గాయం మెసేజ్ దగ్గర లేదు, సాకు దగ్గర ఉంది.

అపోహ: ఎన్నిసార్లు సారీ చెబితే అంత మంచిది.

సాకు పారలేదని తెలిశాక ఆవిడ గ్రూపులోనే దండం పెట్టే బొమ్మలతో ఐదు సారీలు పెట్టింది. దాంతో మెసేజ్ చూడని వాళ్లకు కూడా ఏం జరిగిందో తెలిసిపోయింది. ఆడబిడ్డేమో అందరి ముందు "పర్వాలేదు" అనక తప్పని స్థితిలో పడింది. అలా అనిపించుకున్న పర్వాలేదుకు విలువ ఉండదు.

క్షమాపణల మీద 2016లో రాయ్ లెవికీ బృందం చేసిన పరిశోధన ఒకటుంది. క్షమాపణలో ఆరు భాగాలుంటాయని, వాటిలో ఎక్కువ పనిచేసేది 'తప్పు నాదే' అని ఒప్పుకోవడమని, అన్నిటికన్నా తక్కువ పనిచేసేది 'క్షమించు' అని అడగడమని తేలింది. అది ఉద్యోగాల నేపథ్యంలో ఊహించిన సందర్భాలతో చేసింది, మన ఇళ్లలో కాదు. అయినా నా అనుభవం అదే చెబుతోంది.

మేము చేసింది ఇది. సాయంత్రం ఆడబిడ్డ ఒక్కదాన్నే ఫోన్‌లో పట్టుకోమన్నాను. మాటలు ముందే కాగితం మీద రాసుకున్నాం: "వదినె, గా మెసేజ్ నేనే రాసిన. చెల్లెకు పంపబోతే గ్రూపుల పడ్డది. చిన్నోని మీద వేసుడు ఇంకా తప్పు. మీకు బాధైతది, నాకు ఎరుకే." అంతే, నాలుగు వాక్యాలు. 'కానీ' అన్న మాట రాకూడదు. 'నేను అట్ల అనుకోలే' అనకూడదు, ఎందుకంటే అనుకునే రాసింది. పని భారం గురించిన ఫిర్యాదు నిజమే కావచ్చు, దాని రోజు వేరే. అవతలి నుంచి నిశ్శబ్దం వస్తే నింపకుండా వినాలి. ఆడబిడ్డ చాలాసేపు ఏమీ అనలేదట. తర్వాత "సరే, పండుగకు మాట్లాడుకుందాం" అని పెట్టేసింది. మొదటి ఫోన్‌కు అంతకంటే ఆశించకూడదు.

అపోహ: పేరు తప్పు పిలిస్తే మనసులో ఇంకొకరున్నట్టే.

దీని మీద ఎక్కువ చెప్పేదేం లేదు. 2016లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 1,700 మందికి పైగా మనుషుల అనుభవాలు సేకరిస్తే, పేర్లు ఎక్కువగా ఒకే గుంపులో తారుమారవుతాయని తేలింది. ఇంట్లోవాళ్ల పేరు ఇంట్లోవాళ్లకు, స్నేహితుల పేరు స్నేహితులకు. ఇంటి పిల్లల పేర్లన్నీ పిలిచి, చివరికి కుక్క పేరు కూడా పిలిచి, అప్పుడు అసలు పేరుకు వచ్చే అవ్వలు మనకూ ఉన్నారు కదా. సరైన పేరు పలికి, మాట ఆపకుండా కొనసాగించండి. "అయ్యో, ఎంత పని చేసిన" అని ఐదు నిమిషాలు లాగితే అవతలివాళ్లే మనల్ని ఓదార్చాల్సి వస్తుంది. పిలిచిన పేరు చనిపోయినవాళ్లదో, విడాకులైన భార్యదో అయితే మాత్రం ఈ సలహా పనిచెయ్యదు. అక్కడ ఆగి, పక్కకు తీసుకెళ్లి మాట్లాడాలి.

అపోహ: నవ్వులాట చేస్తే తేలికైపోతుంది.

మొరటు జోకు వేసి, అవతలివాళ్ల ముఖం మాడగానే "జోక్ చేసిన, గింత దానికేనా" అంటారు. అది రెండో దెబ్బ. మొదట జోకు తగిలింది, తర్వాత బాధపడ్డందుకు తప్పు పట్టినట్టయింది. జోకు నలుగురిలో వేస్తే "గది అనాల్సింది కాదు" అన్న మాట కూడా ఆ నలుగురిలోనే రావాలి. తర్వాత గుట్టుగా చెవిలో చెబితే సరిపోదు. మెసేజ్ సంగతిలో ఒక్కదాన్నే పిలవమన్నాను కదా, మరి ఇక్కడ అందరి ముందు ఎందుకంటే, జోకు దగ్గర చూసినవాళ్లందరికీ ఏం జరిగిందో ముందే తెలుసు. దాచడానికి ఏమీ లేదు.

జరిగిన దాని మీద ముందుగా జోకు వేసే హక్కు మాత్రం దెబ్బ తిన్నవాళ్లదే. మన ఆవిడ పండుగ మూడు రోజులూ ఆ మాట ఎత్తలేదు, నేనే వద్దన్నాను. సద్దుల నాటి రాత్రి బతుకమ్మలను చెరువులో వేసి వచ్చాక, ఆడబిడ్డ కొంగు నడుముకు దోపి గిన్నెల ముందు కూర్చుందట. సగం తోమాక తల తిప్పి, "ఫోటో తియ్యి, గ్రూపుల పెట్టు" అందట.