వక్త పరిచయం అరవై పదాల్లో: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో జరిగే సదస్సులకు బ్రోషర్లు, యాప్‌లో పెట్టే వక్తల పరిచయాలు సిద్ధం చేయడం నా పని. వక్తలు రెండు వందల పదాలో, మూడు వందల పదాలో ఉన్న బయో పంపుతారు. మాకు ఉండే చోటు అరవై పదాలకే. వేదిక మీద యాంకర్ చదివేదీ అదే కాబట్టి ‘నేను’ అని కాకుండా మూడో మనిషి చెబుతున్నట్టు రాస్తాం. ఈ కుదింపు విషయంలో తరచూ వినిపించే కొన్ని అభిప్రాయాలు సరైనవి కావు. ఎందుకో చెప్పడానికి నేనే కూర్చిన ఒక ఉదాహరణ తీసుకుంటాను.

సదస్సు అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్ల కోసం. అంశం ‘ఎండిపోతున్న బోర్లు: ఏం చేయవచ్చు’. వక్త డాక్టర్ ఫలానా అనుకుందాం. ఆమె పంపిన పెద్ద బయో నల్గొండ జిల్లాలో పుట్టడంతో మొదలవుతుంది. ఆ తర్వాత ఎమ్మెస్సీలో గోల్డ్ మెడల్, పీహెచ్‌డీ, ప్రభుత్వ శాఖలో 26 ఏళ్ల ఉద్యోగం, 38 పరిశోధన పత్రాలు, మూడు సంఘాల్లో జీవితకాల సభ్యత్వం, నాలుగు దేశాల్లో ప్రసంగాలు, ఉత్తమ ఉద్యోగి పురస్కారం వస్తాయి. చివరి పేరాలో అపార్ట్‌మెంట్ బోర్ల సర్వే, ఇంకుడు గుంతల కమిటీ, ఇప్పుడు చేస్తున్న సలహాదారు పని ఉంటాయి. ఆఖరున వీణ అంటే ఇష్టమని ఒక వాక్యం.

అపోహ: మొదటి అరవై పదాలు ఉంచి మిగతాది తీసేస్తే సరిపోతుంది.

వాస్తవం: మన దగ్గర బయోలు ఎక్కువగా పుట్టుక నుంచి ఇవాళ్టి దాకా వరుసగా సాగుతాయి. ఈ బయోను అరవై పదాల దగ్గర ఆపితే ఊరు, మెడల్, పీహెచ్‌డీ మిగులుతాయి. బోర్ల గురించి వినడానికి వచ్చినవాళ్లకు కావలసిన చివరి పేరా మొత్తం పోతుంది. అందుకే నేను కింది నుంచి పైకి చదువుతాను. ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఈ అంశం మీద స్వయంగా ఏం చేశారు అన్న రెండిటికీ జవాబు ఎక్కడుందో ముందు గుర్తుపెట్టి, మిగిలిన చోటులో చదువు, ఉద్యోగం సర్దుతాను.

అపోహ: పెద్ద అవార్డును ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకూడదు.

వాస్తవం: ఏ అర్హత అయినా ఆ రోజు అంశాన్ని బట్టే పెద్దదో చిన్నదో అవుతుంది. మియాపూర్ నుంచి వచ్చిన అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఉత్తమ ఉద్యోగి పురస్కారం వల్ల ఏమీ తెలియదు. 140 అపార్ట్‌మెంట్ల బోర్లు చూసిన జట్టును నడిపారంటే మాత్రం కుర్చీలో ముందుకు జరిగి వింటాడు. ఇదే డాక్టర్ ఫలానా వచ్చే నెల విశ్వవిద్యాలయంలో జియాలజీ వాళ్ల ముందు మాట్లాడితే 38 పత్రాలు తిరిగి వస్తాయి, అపార్ట్‌మెంట్ల సలహాలు వెనక్కి పోతాయి. అందుకని పాత సభకు చేసిన అరవై పదాలను యథాతథంగా వాడను. ప్రతిసారీ పెద్ద బయోనే అడిగి తీసుకుంటాను.

పీహెచ్‌డీని ఈ సభకు కూడా ఎందుకు ఉంచానంటే, దాని అంశం గ్రానైట్ పగుళ్లలో నీటి కదలిక. హైదరాబాద్ నిలబడింది గ్రానైట్ మీద. ఇక్కడ బోరులోకి నీళ్లు చేరేది ప్రధానంగా ఆ పగుళ్ల గుండానే. ‘పీహెచ్‌డీ పొందారు’ అని మాత్రమే రాస్తే అది ఉత్త డిగ్రీ. అంశంతో కలిపి రాస్తే ఈ సభకు సరిపోయే అర్హత. ఇలాంటి చోట నాలుగు పదాలు ఖర్చు పెట్టడానికి వెనకాడను.

చివరికి తేలింది ఇది:

> డాక్టర్ ఫలానా భూగర్భ జల నిపుణురాలు. హైదరాబాద్‌లోని అపార్ట్‌మెంట్లకు బోర్లు, ఇంకుడు గుంతల విషయంలో 2021 నుంచి స్వతంత్ర సలహాదారుగా పనిచేస్తున్నారు. అంతకుముందు రాష్ట్ర భూగర్భ జల శాఖలో 26 ఏళ్లు ఉన్నారు. అక్కడ మియాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో 140 అపార్ట్‌మెంట్ల బోర్లను రెండేళ్లపాటు పరిశీలించిన జట్టుకు నాయకత్వం వహించారు. గ్రానైట్ పగుళ్లలో నీటి కదలికపై ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ పొందారు. ఇంకుడు గుంతల నిర్మాణంపై శాఖ తెచ్చిన మార్గదర్శిని తయారుచేసిన కమిటీలో పనిచేశారు.

మొత్తం 54 పదాలు. ఇంటిపేరుతో కలిపి అసలు పేరు నాలుగు పదాలైనా అరవై దాటదు.

అపోహ: పదాలు తగ్గితే చాలు, అర్థం ఎలాగూ మారదు.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. కుదించేటప్పుడు ముందుగా ఎగిరిపోయేవి ‘జట్టు’, ‘కమిటీ’, ‘అంతకుముందు’ లాంటి మాటలు. అవి చూడటానికి అదనపు పదాల్లా ఉంటాయి. కానీ నిజం నిలబడేది వాటి మీదే.

‘పరిశీలించిన జట్టుకు నాయకత్వం వహించారు’ అనేదాన్ని ‘పరిశీలించారు’ అని మారిస్తే మూడు పదాలు మిగులుతాయి. జట్టు చేసిన పని మొత్తం ఒక్కరి ఖాతాలో పడుతుంది. ‘తయారుచేసిన కమిటీలో పనిచేశారు’ అన్నది ‘రూపొందించారు’గా మారితే, అదే కమిటీలో ఉన్న మరొకరు సభలో కూర్చుని ఉన్నప్పుడు ఇబ్బంది పడేది వక్తే. 26 ఏళ్ల శాఖ ఉద్యోగాన్ని అపార్ట్‌మెంట్ల పనితో అతికించి ‘అపార్ట్‌మెంట్ బోర్లలో 26 ఏళ్ల అనుభవం’ అంటే అది అబద్ధమే.

‘అంతకుముందు’ పోతే వచ్చే చిక్కు వేరు. ఆమె ఇంకా ప్రభుత్వ అధికారే అని జనం అనుకుంటారు. వాల్టా చట్టం కింద కొత్త బోరుకు అనుమతి ఎప్పుడిస్తారని ఆమెనే నిలదీస్తారు. ఆమె సొంత సలహాను శాఖ మాటగా తీసుకుని ఇంటికి వెళ్తారు.

దీన్ని పట్టుకోవడానికి నేను చేసేది ఒక్కటే. చిన్న పరిచయంలోని ఒక్కో క్రియ కింద గీత గీసి, పెద్ద బయోలో అదే పనికి ఏ క్రియ ఉందో పక్కన రాస్తాను. ‘సహకరించారు’ ఉన్నచోట ‘నిర్వహించారు’ వచ్చిందా, ‘చేస్తున్నారు’ ఉన్నచోట ‘చేశారు’ వచ్చిందా అన్నది వెంటనే కనిపిస్తుంది.

పదాలు నిజంగా ఆదా అయ్యే చోట్లు వేరే ఉన్నాయి. ‘సుప్రసిద్ధ’, ‘విశేష కృషి’, ‘విశిష్ట సేవలు’ తీసేస్తే ఏ సమాచారమూ పోదు. ‘సలహాదారుగా విధులు నిర్వర్తిస్తూ ఉన్నారు’ అనేదానికి ‘సలహాదారుగా పనిచేస్తున్నారు’ చాలు. పేరు ఒక్కసారి చెబితే తర్వాతి వాక్యాల్లో ‘ఆమె’ కూడా అక్కర్లేదు, క్రియలోనే గౌరవం ఉంది. అచ్చులో ‘గారు’ వదిలేస్తాం, యాంకర్ చదివేటప్పుడు చేర్చుకుంటారు.

కంప్యూటర్ ఖాళీలను బట్టి లెక్కిస్తుంది కదా అని పదాలన్నీ కలిపి రాసి అరవైకి దించేవాళ్లూ ఉన్నారు. దానివల్ల చోటూ మిగలదు, చదివే సమయమూ తగ్గదు. పైకి చదివి చూడండి. తాపీగా చదివినా అర నిమిషం దాటి మరీ ఎక్కువ పట్టకూడదు, ఊపిరి మధ్యలో ఆగకూడదు.

అపోహ: కుదించాక వక్తకు చూపిస్తే మళ్లీ పెంచేస్తారు, అందుకే చూపించకూడదు.

వాస్తవం: ఆయన పేరుతో అచ్చయ్యే మాటలు ఆయన చూడకుండా వెళ్లకూడదు. పెరగడానికి కారణం మనం అడిగే తీరు. ‘ఇంకేమైనా చేర్చాలా అండీ?’ అని అడిగితే చేరుస్తూనే పోతారు. ‘ఇందులో తప్పుగా ఉన్నది ఏదైనా ఉందా అండీ? కొత్తది చేర్చాలంటే దాని బదులు ఏది తీసేయమంటారో కూడా చెప్పండి’ అని రాసి, జవాబుకు తేదీ ఇస్తాను. ఎక్కువమంది ఒక సంవత్సరమో, హోదానో సరిచేసి పంపుతారు. హోదా మాత్రం అచ్చుకు వెళ్లే ముందు ఫోన్ చేసి మరోసారి అడుగుతాను. బయో పంపిన రోజుకీ సభ జరిగే రోజుకీ మధ్య ఉద్యోగం మారినవాళ్లు, రిటైర్ అయినవాళ్లు ఉంటారు.