ఎర్రబడ్డ పెళ్లి ఫోటోలో మిగిలిన సయాన్ ఎంత?

1970ల నాటి కలర్ పెళ్లి ఆల్బమ్ తెరిస్తే చాలా ఫోటోలు ఇటుకరంగులోకి తిరిగి కనిపిస్తాయి. ఫోటోలో ఎరుపేమీ కొత్తగా పుట్టలేదు. ఆ కాగితం మీద నీలిపచ్చగా ఉండే సయాన్, ముదురు గులాబీలా ఉండే మెజెంటా, పసుపు అని మూడు రంగుల పొరలుంటాయి. సయాన్ ఎర్రని వెలుతురును పీల్చుకుంటుంది. ఆ కాలపు కాగితాల్లో ఆల్బమ్ మూసి బీరువాలో పెట్టినా ముందుగా వెలిసేది ఈ సయానే. వేడి, తేమ ఎక్కువైన కొద్దీ ఇంకా త్వరగా వెలుస్తుంది. పీల్చుకునే రంగు తగ్గితే ఎరుపంతా మన కళ్లకే తిరిగొస్తుంది. గోడకు తగిలించిన ఫోటోల్లో కథ వేరు. వెలుతురుకి ఎక్కువగా దెబ్బతినేది మెజెంటా, అందుకే అవి ఆకుపచ్చగా తిరుగుతాయి.

స్కాన్ చేశాక చాలామంది చేసేది ఎరుపును మొత్తం మీద కొంత తగ్గించడం. జుట్టు నల్లబడేలోపే తెల్ల చొక్కా నీలిపచ్చగా మారిపోతుంది. కారణం ఏమిటంటే, సయాన్ అన్నిచోట్లా ఒకే మొత్తంలో పోదు, సుమారుగా ఒకే నిష్పత్తిలో పోతుంది. చిక్కగా ఉన్న జుట్టులో నష్టం పెద్దది. అసలు రంగే పెద్దగా లేని తెల్లచొక్కాలో నష్టం దాదాపు సున్నా.

స్కాన్‌లో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుతురు ఎంతో 0 నుంచి 255 దాకా అంకెల్లో ఉంటుంది. ఒక ఫోటో అంకెలు చూద్దాం. తెల్ల అంచు దగ్గర ఎరుపు 240, ఆకుపచ్చ 236, నీలం 215. నీలం తక్కువుందంటే కాగితానికి పసుపు మరక పట్టిందన్నమాట. పెళ్లికూతురి జడలో ఫ్లాష్ మెరుపు పడని చోట ఎరుపు 110, ఆకుపచ్చ 32, నీలం 30. నల్లని జుట్టులో మూడూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఎరుపు ఒక్కటే ఎగబాకిందంటే పోయింది సయాన్. ఆకుపచ్చ ఎగబాకి ఉంటే, దాన్ని పీల్చుకునే మెజెంటా పోయిందనుకోవాలి.

GIMP అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో `Colors > Levels` తెరిచి, ఒక్కో రంగు చానెల్‌లో కుడిచివరి తెల్ల గుర్తును 240, 236, 215 దగ్గరికి తెస్తే ముందు మరక పోతుంది. ఇప్పుడు జడలో ఎరుపు 117, మిగతా రెండూ 35 దరిదాపుల్లో ఉంటాయి. తర్వాత ఎరుపు చానెల్‌లో మధ్య గుర్తును, అంటే గామాను, జడలో ఎరుపు కూడా 35కి వచ్చేదాకా తగ్గించాలి. ఇక్కడ అది 0.39 దగ్గర ఆగుతుంది.

ఆ 0.39 ఊరికే వచ్చిన అంకె కాదు. గామా మార్చడమంటే లెక్కలో రంగు చిక్కదనాన్ని ఒక నిష్పత్తితో గుణించడమే. కాబట్టి ఫోటోలో మిగిలిన సయాన్ దాదాపు 39 శాతం అని ఆ గుర్తే చెబుతోంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది ఇదే.

గామా జోలికి పోకుండా నలుపు, తెలుపు చివరలు మాత్రమే సరిచేస్తే ఏమవుతుంది? అసలు 102 ఉండాల్సిన బూడిదరంగు గోడలో ఎరుపు వెలిసి 178 అయివుంటుంది. గామాతో అది 102కే తిరిగొస్తుంది. చివరలు మాత్రమే లాగితే 132 దగ్గర ఆగుతుంది. జుట్టు నలుపు, చొక్కా తెలుపు అయ్యాక కూడా ముఖాలు ఎర్రగా మిగిలిపోయేది ఇందుకే.

పెళ్లి ఫోటోలకు ఆటో బటన్ అచ్చిరాదు. ఫ్రేమ్‌లో పట్టుచీర, పసుపు, కుంకుమ, బంగారం ఉంటే ఎరుపు, పసుపు ఎక్కువుండటమే సహజం. ఆటో వాటినీ వెలిసిన గుర్తులే అనుకుని లాగేస్తుంది. పెళ్లికొడుకు పంచెను తెలుపుగా తీసుకోవడమూ ప్రమాదమే, దానికి పసుపు పూసి ఉంటుంది కదా. కాగితం అంచే నయం.

స్కాన్ చేసేటప్పుడే ఆటో కలర్ ఆపేసి, ఒక్కో రంగుకీ ఎక్కువ మెట్లుండే 48 బిట్‌లో తీసుకోవాలి. 24 బిట్ స్కాన్‌లో ఎరుపుకి మిగిలిన కొద్దిపాటి మెట్లను ఇంతగా సాగదీస్తే బుగ్గల మీద, ఆకాశంలో చారలు తేలతాయి.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. సయాన్ కొద్దిగా ఆకుపచ్చ వెలుతురునూ పీల్చుకుంటుంది కాబట్టి ఒక్క ఎరుపు చానెల్‌తో చెట్ల ఆకులు పూర్తిగా సరికావు. గోడమీది ఫోటోలో మెజెంటాకి ఆకుపచ్చ చానెల్‌లో ఇదే పని చేయొచ్చు గానీ, లెక్క అంత చక్కగా కుదరదు. వెలుతురులో పలచని భాగాలే నిష్పత్తిలో ఎక్కువ పోగొట్టుకుంటాయి. అందుకని జుట్టు కుదిరాక కూడా ముఖం ఆకుపచ్చగా కనిపిస్తే, ఆకుపచ్చ చానెల్ కర్వ్‌లో వెలుతురు భాగాన్ని విడిగా కొంచెం కిందికి దించాలి. ఫ్రేమ్ అంచు కింద దాగిన సన్నని పట్టీ అక్కడ మంచి సాక్ష్యం. ఫ్రేమ్ విప్పి, అదే గోడ, అదే చీర ఆ పట్టీలో ఏ అంకెలు చూపిస్తున్నాయో పక్కన బయటి భాగంతో పోల్చుకోవచ్చు.

లేత నీలి ఆకాశంలో ఎరుపు 239, తెల్ల అంచులో 240 ఉంటే మాత్రం ఏ గామా కూడా ఆ ఆకాశాన్ని తెచ్చిపెట్టలేదు. అప్పుడు వెతకాల్సింది ఆ ఫోటో నెగటివ్ కోసం.