పదిహేను వందల చినుకులు, పన్నెండు మిణుగురులు

ఒక చిన్న గేమ్ కోసం పెంకుటింటి అరుగు సీన్ చేశాను. రాత్రి, వాన. తాతా మనవరాలూ మాట్లాడుకుంటుంటారు, వాళ్ల మాటలు తెర అడుగున అక్షరాలుగా వస్తాయి. వాన వెలిశాక మిణుగురులు. ఆడి చూసిన స్నేహితుడు, "పురుగులు భలే ఉన్నాయిరా, ఇంతకీ చివర్లో తాత ఏమన్నాడు?" అన్నాడు. 1500 చినుకులు పడుతున్నా మాటలన్నీ చదివినవాడు, పన్నెండు మిణుగురుల దగ్గర దారి తప్పాడు.

ఈ రెండూ పార్టికల్ సిస్టమ్‌తో చేసినవే. లూకాస్‌ఫిల్మ్‌లో పనిచేసిన విలియం రీవ్స్ 1982లో 'స్టార్ ట్రెక్ 2' సినిమాలో ఒక గ్రహాన్ని చుట్టుముట్టే మంటల గోడను ఈ పద్ధతిలోనే తీశాడు. మరుసటి ఏడాది దాని గురించి పేపరు రాశాడు. మంటకీ పొగకీ కచ్చితమైన ఆకారం ఉండదు కాబట్టి ఆకారం గీయడం మానేసి, వేల రేణువులను పుట్టించి, కదిలించి, కొంతసేపటికి చంపేయడం అన్నది ఆలోచన. ఒక్కో రేణువుకి పుట్టిన చోటు, వేగం, ఆయుష్షు, రంగు ఉంటాయి. అంతకుమించి పెద్దగా ఏమీ ఉండదు.

మొదట తెలుసుకోవాల్సిన లెక్క ఒక్కటే. సెకనుకి ఎన్ని పుడుతున్నాయో, ఒక్కోటి ఎంతసేపు బతుకుతుందో గుణిస్తే, ఏ క్షణంలోనైనా తెర మీద ఎన్ని ఉంటాయో వస్తుంది. నా సీన్ ఎత్తు 6 మీటర్లు అనుకున్నాను. ఓ మోస్తరు పెద్ద చినుకు సెకనుకి 8 మీటర్లు పడుతుంది, అంటే 0.75 సెకన్లలో నేల చేరుతుంది. సెకనుకి 2000 పుట్టిస్తే తెర మీద 1500. ఇదే సీన్‌ని మంచుకి మార్చి చూద్దామని వేగం ఒక్కటే సెకనుకి 1 మీటరుకి తగ్గించి, నేల చేరేదాకా బతకాలని ఆయుష్షు 6 సెకన్లు చేశాను. తెర మీద 12,000 అయ్యాయి, ఫోను వేడెక్కింది. పుట్టుకని సెకనుకి 200కి దించితే 1200 దగ్గర నిలబడింది, మంచు కూడా మంచులా కనిపించింది.

వాన ఎందుకు దృష్టి లాగదు? అన్నీ ఒకే వైపు, దాదాపు ఒకే వేగంతో పడతాయి. కన్ను వాటిని విడివిడిగా లెక్కపెట్టదు, అదంతా కలిపి ఒక తెరలా చూసి వదిలేస్తుంది. అయితే గీసే తీరు తప్పితే ఈ లాభం పోతుంది. సెకనుకి 60 ఫ్రేములైతే చినుకు ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి 13 సెంటీమీటర్లు దూకుతుంది. చుక్కలా గీస్తే గెంతుతూ మినుకుమినుకుమంటుంది. అందుకే చినుకుని పడే దిశలో సాగదీసి, సన్నటి గీతలా, సగానికిపైగా పారదర్శకంగా గీస్తారు. ఇంకో పొరపాటు, సీన్ తెరుచుకోగానే ఖాళీ ఆకాశం కనిపించి, ఆ తర్వాత పైనుంచి కర్టెన్ దించినట్టు వాన రావడం. గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో దీనికి `Prewarm` అనే టిక్కు ఉంది. అది పెడితే వాన అప్పటికే చాలాసేపటి నుంచి కురుస్తున్నట్టు మొదలవుతుంది.

ధూళిది ఇంకా సులువు. కిటికీలోంచి పడే ఎండ చారలోనే నలుసులు కనిపిస్తాయి కదా, వాటిని ఆ చారలోనే ఉంచి, దాని అంచుల దగ్గర మసకబారేలా చేస్తే చాలు. గదంతా చల్లితే కెమెరా అద్దానికి మట్టి అంటుకున్నట్టుంటుంది.

మిణుగురు అలా కాదు, ఒక్కోటీ ఒక సంఘటన. చూపు మధ్యలో కన్నా అంచుల్లో మనకి వివరం తక్కువ తెలుస్తుంది కానీ, ఉన్నట్టుండి ఏదైనా వెలిగితే చూపు అటు పరుగెత్తుతుంది. నా పురుగులు పూర్తి వెలుగుతో ఠక్కున పుట్టి, ఠక్కున మాయమయ్యేవి. తప్పు సంఖ్యలో లేదు, పుట్టుక చావుల్లో ఉంది. వెలుగుని ఇలా మార్చాను:

```
t = age / life
alpha = 0.6 * (t < 0.2 ? t / 0.2 : (1 - t) / 0.8)
```

4 సెకన్ల ఆయుష్షులో మొదటి 0.8 సెకన్లలో వెలుగు పెరుగుతుంది, మిగతా 3.2 సెకన్లూ మెల్లగా ఆరిపోతుంది, ఎప్పుడూ 0.6 దాటదు. అన్నీ ఒకేసారి పుడితే ఒకేసారి మెరుస్తాయి కాబట్టి, ఆయుష్షుని 3 నుంచి 5 సెకన్ల మధ్య యాదృచ్ఛికంగా ఇచ్చి, సెకనుకి మూడు చొప్పున పుట్టించాను. కలిసి మెరిసే మిణుగురు జాతులు నిజంగానే ఉన్నాయి, కానీ తెర మీద అది అంబులెన్స్ లైటులా ఉంటుంది.

చివరగా, అక్షరాలకి దగ్గర్లో ఏదీ పుట్టకుండా కంచె కట్టాను. మాటలు వస్తున్నంతసేపు పుట్టుకని సెకనుకి ఒకటికి తగ్గించాను. ఉన్నవాటిని తుడిచేయలేదు, వాటి ఆయుష్షు తీరేదాకా ఉండనిచ్చాను. నాలుగైదు సెకన్లలో పన్నెండు కాస్తా నాలుగవుతాయి, ఎప్పుడు తగ్గాయో తెలీదు. ఫోన్‌లో కదలికలు తగ్గించే సెట్టింగ్ పెట్టుకున్నవారికి మిణుగురులు కదలవు, అరటి చెట్ల వెనక సన్నగా వెలుగుతూ ఉంటాయి. ఈసారి స్నేహితుడు, "తాత అలా అనకుండా ఉండాల్సింది" అన్నాడు. పురుగుల ఊసెత్తలేదు.