జవాబు ఎప్పుడు ఖరారైనట్టు? నిరంతర క్వెరీల ముప్పై ఏళ్ల చిక్కు

టేబుల్ మీద వేసే క్వెరీ పని సులువు. నడిపిన క్షణాన టేబుల్లో ఏ వరసలున్నాయో వాటిని బట్టి జవాబు చెప్పి చేతులు దులుపుకుంటుంది. మరో గంటకు కొత్త వరసలు చేరితే మళ్లీ నడుపుకోవాల్సింది మనమే. స్ట్రీమ్ ప్రాసెసింగ్‌లో వ్యవహారం తిరగబడుతుంది. క్వెరీ ఒకచోట పాతుకుని కూర్చుంటే డేటా దాని ముందునుంచి వచ్చి పోతుంటుంది. ఈ రెంటికీ తేడా వేగంలోనే ఉందని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే అసలు పేచీ గడియారంతో. వచ్చిన జవాబు ఏ క్షణానికి చెందినదో, ఇక మారదని ఎప్పుడు నమ్మవచ్చో తేల్చడానికే ఈ రంగం ముప్పై ఏళ్లు తంటాలు పడింది.

కథ 1992లో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనాలయంలో మొదలవుతుంది. అక్కడ డగ్లస్ టెర్రీ, డేవిడ్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ నికోల్స్, బ్రయన్ ఓకి కలిసి టేపెస్ట్రీ అనే వ్యవస్థను కట్టారు. ఈమెయిళ్లు, న్యూస్‌గ్రూపు సందేశాలు ఒక డేటాబేస్‌లోకి చేరుతూ ఉంటాయి. మనకు ఎలాంటివి కావాలో ఒకసారి క్వెరీ రాసి వదిలేస్తే, సరిపోయే సందేశం వచ్చినప్పుడల్లా అందుతుంది. ఇలాంటి దానికి నిరంతర క్వెరీ అని పేరు పెట్టిందీ వీళ్లే.

దీనికి అంత పరిశోధన ఎందుకు, మామూలు క్వెరీనే గంటకోసారి నడిపితే చాలదా అనిపిస్తుంది. చాలదు. ‘ఎవరూ రిప్లై ఇవ్వని సందేశాలు చూపించు’ అనే క్వెరీ తీసుకుందాం. ఒక సందేశానికి పది నిమిషాల్లో రిప్లై వచ్చింది. గంటకోసారి నడిపే మనిషికి అది కనబడకపోవచ్చు, నిమిషానికోసారి నడిపే మనిషికి కనబడి తీరుతుంది. అదే డేటా, అదే క్వెరీ, జవాబులు మాత్రం రెండు. అందుకని టేపెస్ట్రీ వాళ్లు గట్టి నిర్వచనం ఒకటి ఇచ్చారు: ప్రతి క్షణమూ ఆ క్వెరీని నడిపితే వచ్చే జవాబులన్నిటినీ కలిపితే ఏమవుతుందో అదే నిరంతర క్వెరీ ఫలితం. తమాషా ఏమిటంటే, ఈ లెక్కన పై క్వెరీకి ప్రతి సందేశమూ సరిపోతుంది. పుట్టిన క్షణాన దేనికీ రిప్లై ఉండదు కదా! ‘వచ్చి రెండు వారాలైనా రిప్లై లేనివి’ అని అడిగితేనే దానికి అర్థం వస్తుంది. అంటే కాలం క్వెరీలోకే వచ్చి కూర్చోవాలి.

2000 దాటాక స్టాన్‌ఫర్డ్‌లో స్ట్రీమ్, బ్రాండైస్, బ్రౌన్, ఎంఐటీ కలిసి అరోరా, బర్క్‌లీలో టెలిగ్రాఫ్‌సీక్యూ అనే ప్రాజెక్టులు వచ్చేసరికి డేటా తీరు మారింది. సెన్సర్లు, షేర్ల ధరలు, నెట్‌వర్క్ ప్యాకెట్లు ఆగకుండా వస్తుంటాయి. అన్నిటినీ దాచిపెట్టి వెతకడం అయ్యే పని కాదు. ఆగని ప్రవాహానికి మొత్తం సగటు కట్టినా దానితో ఉపయోగం తక్కువ. రెండు ప్రవాహాలను హద్దు లేకుండా జాయిన్ చేయబోతే, ఎప్పుడో రాబోయే జత కోసం ప్రతి రికార్డునూ మెమరీలో అట్టే పెట్టుకోవాలి. ఇక్కడే స్లైడింగ్ విండో అక్కరకు వచ్చింది. చివరి ఐదు నిమిషాలో, చివరి వెయ్యి రికార్డులో అని హద్దు గీస్తే, ఏ క్షణాన చూసినా చేతిలో ఉండేది చిన్న టేబులే. దాని మీద మామూలు ఎస్‌క్యూఎల్ నడుస్తుంది.

జెనిఫర్ విడమ్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో తయారుచేసిన సీక్యూఎల్ భాషకు ఆధారం ఈ ఊహే. వాళ్లు తరచూ చూపిన ఉదాహరణ టోల్ రోడ్డు. రోడ్డును సెగ్మెంట్లుగా విడగొట్టి, కార్లు పంపే వేగాలను బట్టి రద్దీగా ఉన్న సెగ్మెంట్లను పట్టుకోవాలి:

```
SELECT segNo
FROM SegSpeedStr [RANGE 5 MINUTES]
GROUP BY segNo
HAVING AVG(speed) < 40
```

ఆ చతురస్ర బ్రాకెట్లు తీసేస్తే ఇది టేబుల్ మీద రాసే క్వెరీయే. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక సెగ్మెంట్‌కు మూడే రికార్డులు వచ్చాయనుకుందాం: 10:01కి వేగం 30, 10:02కి 48, 10:04కి 36. 10:05కి సగటు 38, కాబట్టి సెగ్మెంట్ రద్దీ జాబితాలో ఉంది. ఆ తర్వాత ఒక్క కారూ కబురు పంపలేదు. అయినా 10:06 దాటిన మరుక్షణం 30 విండోలోంచి జారిపోతుంది. మిగిలిన రెంటి సగటు 42, సెగ్మెంట్ జాబితాలోంచి తప్పుకుంటుంది. కొత్త డేటా ఏమీ రాకుండానే జవాబు మారిపోయింది! స్టోర్ చేసిన టేబుల్లో వరసలు మారకపోతే, క్వెరీలో గడియారం ప్రస్తావన లేకపోతే, ఇలా జరగదు. అందుకే సీక్యూఎల్‌లో జాబితాలోకి కొత్తగా చేరినవాటిని పంపడానికి `Istream`, వెళ్లిపోయినవాటిని పంపడానికి `Dstream` అని రెండు విడి ఆపరేటర్లు పెట్టారు.

ఇదే టోల్ రోడ్డు 2004లో లీనియర్ రోడ్ అనే పోటీ పరీక్ష అయింది. దాని ఊహా నగరంలో ప్రతి కారూ 30 సెకన్లకోసారి తానెక్కడుందో చెబుతుంది. సెగ్మెంట్‌లో 50కి మించి కార్లుండి, గత ఐదు నిమిషాల సగటు వేగం గంటకు 40 మైళ్ల కన్నా తగ్గితే టోల్ వసూలు చేస్తారు. ప్రత్యేకించి కట్టిన స్ట్రీమ్ ఇంజిన్ ఈ పరీక్షలో రిలేషనల్ డేటాబేస్ కన్నా కనీసం ఐదు రెట్లు మెరుగని ఆ పరిశోధకులు చూపించారు. చూపించిన వాళ్లలో అలాంటి ఇంజిన్లు కట్టినవాళ్లే ఉన్నారన్నది కాస్త గుర్తుంచుకోవాలి.

మన సెగ్మెంట్ కథ ఇంకా అయిపోలేదు. 10:03 టైమ్‌స్టాంప్‌తో 24 వేగం చెప్పే రికార్డు ఒకటి నెట్‌వర్క్‌లో చిక్కుకుని 10:07కి వచ్చిందనుకోండి. దాన్నీ కలిపితే, 10:06 దాటాక ఉన్న సగటు 42 కాదు, 36. రద్దీ తగ్గలేదన్నమాట. టేబుల్ అయితే వరస చేర్చి క్వెరీ మళ్లీ నడిపితే సరిపోయేది. ఇక్కడ ‘రద్దీ తగ్గింది’ అన్న కబురు ఎప్పుడో వెళ్లిపోయింది, టోల్ ఎత్తేశారు కూడా.

ఎంతసేపు ఆగాలన్నదే అప్పట్నుంచీ తెగని ప్రశ్న. అరోరాలో కొంత వెసులుబాటు ముందే చెప్పేవారు, ఆ హద్దు దాటి వచ్చిన రికార్డు చెత్తబుట్టలోకే. స్టాన్‌ఫర్డ్ వాళ్లు హార్ట్‌బీట్ పెట్టారు, అంటే ‘ఈ టైమ్ వరకు రావాల్సినవన్నీ వచ్చేశాయి’ అనే హామీ. గూగుల్ 2013లో మిల్‌వీల్ అనే తన స్ట్రీమ్ వ్యవస్థ గురించి రాసినప్పుడు ఇలాంటి దాన్నే వాటర్‌మార్క్ అంది. 2015 నాటి గూగుల్ డేటాఫ్లో పత్రం ఇంకో అడుగు ముందుకేసి, వాటర్‌మార్క్ కూడా తప్పు కావచ్చని ఒప్పేసుకుంది. ముందు ఒక జవాబిచ్చి, ఆలస్యంగా వచ్చినవాటితో దాన్ని సవరించాలా, పాతది రద్దు చేసి కొత్తది పంపాలా అన్నది ప్రోగ్రామ్ రాసేవాళ్లకే వదిలింది. నాకు ఇది అన్నిటికన్నా నిజాయితీ గల పరిష్కారంగా కనిపిస్తుంది. కాకపోతే ఆ జవాబును అందుకునే డౌన్‌స్ట్రీమ్ సిస్టమ్ కూడా సవరణలను భరించేలా ఉండాలి. టోల్ బిల్లు కొట్టేసిన ప్రోగ్రామ్‌కు ‘అది రద్దు’ అంటే ఏం చేస్తుంది?

ఈ వారసత్వం ఇప్పుడు ఫ్లింక్ అనే స్ట్రీమ్ ఇంజిన్ వాడేవాళ్లకు ఒక వింత లక్షణంగా ఎదురవుతుంది. జాబ్ నడుస్తూనే ఉంటుంది, రికార్డులు వస్తూనే ఉంటాయి, లాగ్‌లో ఎర్రర్ ఒక్కటీ ఉండదు, విండో ఫలితాలు మాత్రం బయటకు రావు. ఇంజిన్‌కు డేటా తెచ్చే కాఫ్కా టాపిక్‌లోని భాగాల్లో, అంటే పార్టిషన్లలో, ఒకదానికి డేటా ఆగిపోయి ఉంటుంది. అన్ని పార్టిషన్ల వాటర్‌మార్కుల్లో అతి చిన్నదే మొత్తానికి లెక్క కాబట్టి, ఆ ఒక్కటి కదలకపోతే విండో ఏదీ మూసుకోదు. `currentInputWatermark` మెట్రిక్ చూస్తే సంగతి బయటపడుతుంది, అంకె ఒకచోటే ఆగి ఉంటుంది. `withIdleness`తో ఒక గడువు పెడితే, ఆ గడువు మేర మౌనంగా ఉన్న పార్టిషన్‌ను లెక్కలోంచి తప్పిస్తారు. అది డేటా లేక మౌనంగా ఉందా, లేక దానికి పంపేవాళ్ల లింకు తెగి ఉందా అన్నది ఫ్లింక్‌కు తెలియదు. రెండోదే నిజమైతే, లింకు మళ్లీ కలిసినప్పుడు వచ్చే పాత రికార్డులు ఆలస్యపు ఖాతాలో పడి, ఆలస్యానికి ఇచ్చిన `allowedLateness` గడువు దాటితే చప్పుడు లేకుండా రాలిపోతాయి.