కంపెనీ పేరు కొడితే అసలు సైట్ ఎందుకు దొరకదు: ఈ చిక్కు ఎక్కడ మొదలైందంటే

ఒక కంపెనీ పేరు సెర్చ్‌లో కొడితే పైన యాడ్స్, వాటి కింద ఆ కంపెనీ సరుకు అమ్మేవాళ్ల సైట్లు, ఎప్పుడో మూసేసిన ఆఫీసు నంబర్లు చూపించే డైరెక్టరీ పేజీలు, వీటి మధ్యలో ఎక్కడో అసలు సైట్ ఉంటుంది. చాలామంది ఇది సెర్చ్ ఇంజిన్ తప్పనుకుంటారు గానీ మూలం అంతకంటే చాలా వెనక ఉంది, వెబ్ అడ్రస్ ఇచ్చే పద్ధతిలోనే "ఈ పేరు నిజంగా మీదేనా" అని అడిగే మెట్టు మొదటినుంచీ లేదు.

ఇప్పుడు మనం వాడే డొమైన్ పేర్ల పద్ధతి 1983లో వచ్చింది. దాన్ని నడిపించిన జాన్ పోస్టెల్ 1994లో రాసిన RFC 1591 అనే డాక్యుమెంట్‌లో, డొమైన్ రిజిస్టర్ చేసుకున్నంత మాత్రాన ట్రేడ్‌మార్క్ హక్కు రాదని, అది వాడేవాడు ఇంకొకరి ట్రేడ్‌మార్క్‌ని తొక్కకుండా చూసుకోవడం వాడి బాధ్యతే అని ఉంది. అంటే ముందు అడిగినవాడికి పేరు ఇచ్చేస్తారు, గొడవొస్తే మీరూ మీరూ తేల్చుకోండి. అప్పుడు అది సబబే, ఎందుకంటే నెట్‌లో ఉన్నవాళ్లే తక్కువ, ప్రతి పేరూ చెక్ చేయాలంటే పని నడవదు.

దీని ఫలితం వెంటనే కనపడింది. 1995లో డిజిటల్ అనే కంప్యూటర్ కంపెనీ ఆల్టావిస్టా సెర్చ్ ఇంజిన్ మొదలుపెట్టింది, దాని అసలు అడ్రస్ altavista.digital.com. కానీ జనం సహజంగా altavista.com అని టైప్ చేసేవాళ్లు, అది అప్పటికే అదే పేరున్న వేరే చిన్న కంపెనీది. చివరికి డిజిటల్‌ని కొన్న కాంపాక్ 1998లో ఆ అడ్రస్‌ని 30 లక్షల డాలర్లకు పైగా ఇచ్చి తీసుకుంది. ఇక్కడ మోసగాడెవరూ లేడు. nissan.com సంగతీ అంతే, ఉజీ నిస్సాన్ అనే ఆయన తన ఇంటిపేరుతో కంప్యూటర్ వ్యాపారం కోసం 1994లో తీసుకున్నాడు, కార్ల కంపెనీ ఏళ్ల తరబడి కోర్టులో పోరాడినా అడ్రస్ ఆయన దగ్గరే ఉండిపోయింది. కాబట్టి "పేరు డాట్ కామ్ అంటే ఆ కంపెనీదే" అనే ఊహ ఎప్పుడూ గ్యారంటీ కాదు.

1999లో డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ యూడీఆర్‌పీ అనే వివాదాల పద్ధతి పెట్టింది. కంపెనీ గెలవాలంటే మూడూ చూపించాలి: డొమైన్ తన మార్క్‌లాగే ఉందని, అవతలివాడికి ఆ పేరు మీద న్యాయమైన హక్కు లేదని, వాడు చెడు ఉద్దేశంతోనే తీసుకుని వాడుతున్నాడని. గెలిస్తే డొమైన్ చేతికొస్తుంది లేదా రద్దవుతుంది, అంతే, నష్టపరిహారం ఏమీ రాదు. కంపెనీయే ఫిర్యాదు చేయాలి, తీర్పు రావడానికి వారాలు పడుతుంది, ఈలోగా కాపీ సైట్ నడుస్తూనే ఉండొచ్చు.

రీసెల్లర్ల విషయం మాత్రం నిజంగా తెలుసుకోవాల్సింది. 2001లో ప్రింటర్లు చేసే ఓకీ డేటా కంపెనీ okidataparts.com అనే సైట్ మీద ఫిర్యాదు చేసి ఓడిపోయింది. సైట్ నడిపేవాళ్లు కంపెనీ ఒప్పుకున్న డీలర్లే. ఆ తీర్పులో చెప్పిన కొలతలే తర్వాత చాలా కేసుల్లో వాడారు: సైట్‌లో నిజంగా ఆ సరుకే అమ్మాలి, ఆ బ్రాండ్ సరుకు మాత్రమే అమ్మాలి, కంపెనీతో తన సంబంధం ఏంటో దాచకుండా చెప్పాలి, ఆ పేరుతో ఉన్న డొమైన్లన్నీ తనే గుత్తకు పట్టేయకూడదు. అంటే బ్రాండ్ పేరు అడ్రస్‌లో పెట్టుకుని అమ్మడం దానంతటది తప్పు కాదు! అందుకే ఇలాంటి సైట్ తగిలితే నేను ముందు కిందికి వెళ్లి పేజీ అడుగున, అబౌట్ పేజీలో "మేము ఫలానా డీలర్" అని రాసుందో లేదో చూస్తాను. రాసుంటే అది రీసెల్లర్, కొనడానికి పనికిరావచ్చు, వారంటీకీ డ్రైవర్లకీ మాత్రం కంపెనీ దగ్గరికే పోవాలి. లోగో కంపెనీది, పేరు కంపెనీది, నడిపేదెవరో మాత్రం ఎక్కడా లేదంటే అక్కడ ఆగిపోవాలి.

ఇప్పుడు ఒక కేసు పూర్తిగా చూద్దాం. హెచ్‌పీ ప్రింటర్ సెటప్‌కి కంపెనీ ఇచ్చే అడ్రస్ 123.hp.com. చూడటానికే నకిలీలా ఉంటుంది కదా, కానీ అదే అసలుది, 123, hp పక్కపక్కన పెట్టి ఏదో తోక తగిలించిన పేర్లు బయటివాళ్లు బోలెడు తీసుకున్నారు, వాటిలో కొన్ని యూడీఆర్‌పీ కేసుల్లో హెచ్‌పీకి వచ్చాయి. తేడా పట్టుకోవాలంటే అడ్రస్‌ని కుడినుంచి చదవాలి. https:// తర్వాత వచ్చే మొదటి / గుర్తు దగ్గర ఆగి వెనక్కి రండి: com, దాని ముందు hp, కాబట్టి యజమాని hp.com, 123 అనేది ఆ యజమాని లోపల పెట్టుకున్న గది. అదే 123, hp, setup మధ్య చుక్కలు కాక అడ్డగీతలు ఉంటే మొత్తం కలిపి ఒకే కొత్త పేరు, దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. అడ్డగీత ఎవరినీ విడదీయదు, చుక్కే విడదీస్తుంది. ఇక co.uk లాంటి దేశాల తోకలున్నచోట ఇంకో మెట్టు ఎడమకి జరగాలి.

తర్వాత lookup.icann.org లో ఆ డొమైన్ కొట్టి చూడండి. ఒకప్పుడు యజమాని పేరు కూడా కనిపించేది, 2018 మేలో యూరప్ ప్రైవసీ చట్టం అమల్లోకి వచ్చాక చాలావరకు దాచేశారు, అదొక పెద్ద ఆధారం పోయినట్టే. కానీ రిజిస్టర్ అయిన తేదీ ఇంకా కనిపిస్తుంది. hp.com కి 1986 అని వస్తుంది. పాత కంపెనీ సపోర్ట్ సైట్ అని చెప్పుకునేది పోయిన నెల పుట్టిందంటే ఇక చూడక్కర్లేదు. తాళం బొమ్మని మాత్రం నమ్మొద్దు, అది మీకూ ఆ అడ్రస్‌కీ మధ్య మాటలు ఎవరూ వినట్లేదని చెప్తుంది గానీ అవతల ఉన్నది ఎవరో చెప్పదు. ఒకప్పుడు కంపెనీ పేరు అడ్రస్ పక్కనే చూపించే ఖరీదైన సర్టిఫికెట్లు ఉండేవి, 2017లో ఒక రీసెర్చర్ స్ట్రైప్ అనే పేమెంట్ కంపెనీ పేరుతోనే అమెరికాలో వేరే రాష్ట్రంలో చట్టబద్ధంగా కంపెనీ పెట్టి అలాంటిది తెచ్చుకుని చూపించాడు, 2019లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ ఆ పేరు చూపించడం మానేశాయి.

అందుకని సెర్చ్ నుంచి కాకుండా కంపెనీ చేతినుంచి వచ్చినదాని నుంచి మొదలుపెట్టడం మంచిది. పెట్టె మీద అచ్చేసిన అడ్రస్, బిల్లు, లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక రిపోర్ట్, ఇలా ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు చోట్ల ఒకే డొమైన్ ఉంటే సరిపోతుంది. మ్యాప్ లిస్టింగ్‌లు, డైరెక్టరీలు ఈ లెక్కలోకి రావు, చాలావాటిలో బయటివాళ్లు మార్పులు సూచించొచ్చు, పైగా ఒకదాంట్లో తప్పు ఉంటే మిగతావి అదే కాపీ కొడతాయి.

పెట్టె పాతదైతే ఇంకో చిక్కు ఉంది. కంపెనీ ఇంకోదాంట్లో కలిసిపోయాక పాత డొమైన్ రెన్యువల్ ఆపేస్తే, డాట్ కామ్‌లో రిజిస్ట్రార్ దాన్ని డిలీట్ చేశాక 30 రోజులు విడిపించుకునే గడువు, ఆపైన 5 రోజులు, అంతటితో అది ఎవరికైనా దొరుకుతుంది. వేలంలో కొన్నవాడికైతే పాత తేదీ కూడా అలాగే వచ్చేస్తుంది, కాబట్టి పాత తేదీ ఉంటే అసలుదే అని అనుకోలేం. అప్పుడు పాత వెబ్ పేజీల కాపీలు దాచే web.archive.org లో ఆ అడ్రస్ ఏడాదికోసారి ఎలా ఉందో చూడండి, కంపెనీ పేజీలు ఒకచోట ఆగిపోయి కొన్నాళ్లు ఖాళీగా ఉండి తర్వాత వేరే భాషలోనో వేరే వ్యాపారంతోనో మొదలైతే చేతులు మారినట్టే, ఆగిపోయే ముందు ఉన్న చివరి కాపీలో "మేము ఫలానా కంపెనీలో కలిశాం" అనే నోటీసు, కొత్త అడ్రస్ లింకు చాలాసార్లు దొరుకుతుంది.