చింతపిక్కలతో న్యూరల్ నెట్‌వర్క్: నాలుగు అపోహలు, వాటి వాస్తవాలు

సాయంత్రం క్లాసులకు వచ్చేవాళ్లలో బడి లెక్కలు ఎప్పుడో మర్చిపోయినవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఉదాహరణల నుంచి నేర్చుకునే కంప్యూటర్ పద్ధతి అయిన న్యూరల్ నెట్‌వర్క్ గురించి బోర్డు మీద సూత్రాలు రాస్తూ చెప్తే పది నిమిషాలకే మొహాలు వాడిపోతాయి. అందుకే నేను గుప్పెడు చింతపిక్కలు, నాలుగు మామిడికాయల కార్డులు పట్టుకెళ్తాను. కార్డు ముందువైపు కాయ లక్షణాలు, వెనకవైపు "మగ్గింది" లేదా "మగ్గలేదు" అని జవాబు రాసి ఉంటాయి. ముగ్గురిని వరసగా కూర్చోబెడతాను. ఒకరు పసుపు రంగు ఉందా అని మాత్రమే చూస్తారు, ఒకరు మెత్తగా ఉందా అని మాత్రమే, ఇంకొకరు తొడిమ దగ్గర వాసన ఉందా అని మాత్రమే. మొదట తలా రెండు పిక్కలు ఇస్తాను. తాను చూసే లక్షణం కార్డు మీద ఉంటే తన దగ్గరున్న పిక్కలన్నీ మధ్యలోకి జరపాలి, లేకపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఎదురుగా ఉన్న పెద్దమనిషి మధ్యలో మూడు, అంతకుమించి పిక్కలు కనిపిస్తే "మగ్గింది" అంటాడు, తక్కువైతే "మగ్గలేదు" అంటాడు. ఆ తర్వాతే కార్డు తిప్పి చూడాలి, చూశాక జరిపినవాళ్లు ఎవరి పిక్కలు వాళ్లు వెనక్కి తీసుకోవాలి.

దిద్దుబాటు నియమం కూడా ఒక్కటే. జవాబు సరైతే ఎవరి పిక్కలూ మారవు. మగ్గని కాయను మగ్గిందన్నామా, పిక్కలు జరిపిన ప్రతివాళ్ల దగ్గరా ఒక్కొక్కటి తీసేస్తాం. మగ్గినదాన్ని మగ్గలేదన్నామా, ఆ కాయలో తమ లక్షణం ఉన్నవాళ్లందరికీ ఒక్కొక్కటి ఇస్తాం.

అపోహ 1: లోపల ఎవరో ప్రోగ్రామర్ రూల్స్ రాసి పెట్టి ఉంటాడు.

వాస్తవం ఏమిటో ఆట ఆడితేనే తెలుస్తుంది, కాబట్టి ఆడదాం. మొదటి కార్డు కార్బైడ్ పెట్టి రంగు తెప్పించిన కాయ, పసుపుగా ఉంది, మెత్తగా ఉంది, వాసన లేదు. రంగు మనిషి రెండు, మెత్తన మనిషి రెండు జరిపారు, మొత్తం నాలుగు, "మగ్గింది" అన్నాడు పెద్దమనిషి. తప్పు. ఇద్దరి దగ్గరా ఒక్కొక్కటి పోయింది, ఇప్పుడు రంగు 1, మెత్తన 1, వాసన 2. రెండో కార్డు తొక్క ఇంకా ఆకుపచ్చగానే ఉన్నా మెత్తబడి వాసన వస్తున్న కాయ: మెత్తన 1, వాసన 2, మొత్తం మూడు, "మగ్గింది", సరైన జవాబే. మూడోది పసుపు, వాసన ఉండి ఇంకా గట్టిగా ఉన్న కాయ, దానికీ మూడే వచ్చాయి, కానీ వెనక "మగ్గలేదు" అని ఉంది. రంగు సున్నాకి, వాసన ఒకటికి దిగాయి. నాలుగోది అన్నీ ఉన్న పండు, ఇప్పుడు దానికి రెండే పిక్కలు పడ్డాయి, "మగ్గలేదు" అనేశాడు. మళ్లీ తప్పు, ముగ్గురికీ ఒక్కొక్కటి ఇచ్చాం: 1, 2, 2.

సరిగ్గా ఇక్కడే క్లాసులో ఎవరో ఒకరు "సార్, ఇది నేర్చుకోవడం కాదు, అటూ ఇటూ ఊగడం" అంటారు. రెండో రౌండు మొదలుపెట్టండి. కార్బైడ్ కాయకు మళ్లీ మూడు పడి తప్పొస్తుంది, రంగు 0కి, మెత్తన 1కి వస్తాయి, వాసన 2 దగ్గరే ఉంటుంది. ఆ తర్వాత మిగతా మూడు కార్డులూ వరసగా సరిగ్గా వస్తాయి. మూడో రౌండులో ఒక్క తప్పు కూడా ఉండదు. మొదటి రౌండులో మూడు తప్పులు, రెండో దాంట్లో ఒకటి, మూడో దాంట్లో సున్నా.

రంగు మనిషి ఖాళీ చేతులు చూడండి. రంగును నమ్మొద్దని మనం ఎక్కడా చెప్పలేదు, వాసనకు విలువ ఎక్కువ ఇవ్వమనీ చెప్పలేదు. తప్పు జరిగినప్పుడల్లా ఒక్కో పిక్క కదిపాం, అంతే. మనుషులు రాసిన రూల్ ఏదైనా ఉందంటే అది పిక్కలు ఎలా కదపాలన్నదే, మామిడికాయల గురించి కాదు.

ఇది నేను కల్పించిన పద్ధతి కాదు. అమెరికా పరిశోధకుడు ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ తొలినాటి న్యూరల్ నెట్‌వర్క్ అయిన పర్సెప్ట్రాన్‌ను ఇలాగే నేర్పించాడు. 1958లో ఐబీఎం 704 కంప్యూటర్ మీద చూపించిన ప్రదర్శనలో ఎడమవైపు గుర్తున్న కార్డులను కుడివైపు గుర్తున్నవాటి నుంచి వేరు చేయడం 50 ప్రయత్నాల్లో నేర్చుకుంది. ఆ తర్వాత కట్టిన యంత్రంలో పిక్కల పని చేసినవి మోటార్లతో తిరిగే నాబులు. ఇప్పటి నెట్‌వర్కుల్లో పిక్కకు బదులు దశాంశాల అంకె ఉంటుంది, అది మైనస్ కూడా కావచ్చు, ప్రతిసారీ చాలా కొద్దిగా కదులుతుంది, జవాబు సరైనా ఇంకా గట్టిగా చెప్పాల్సిందని కాస్త కదులుతుంది. 2020లో వచ్చిన, వాక్యాలు రాసే నెట్‌వర్క్ జీపీటీ-3లో ఇలాంటి అంకెలు 17,500 కోట్లు.

అపోహ 2: చూసిన ఉదాహరణలన్నీ లోపల దాచుకుని, కొత్తది రాగానే వెతికి చూస్తుంది.

ఆట అయ్యాక నాలుగు కార్డులూ జేబులో పెట్టేసుకోండి. బల్ల మీద మిగిలింది 0, 1, 2 అనే మూడు లెక్కలే. ఇప్పుడు ఎప్పుడూ చూపించని కాయ ఇవ్వండి: ఆకుపచ్చగా, గట్టిగా ఉండి వాసన మాత్రం ఉన్నది. రెండు పిక్కలు పడతాయి, "మగ్గలేదు" అంటాడు, సరిపోయింది.

అయితే బట్టీ పట్టడం అన్నది అసలు జరగదని కాదు. నాలుగు కార్డులకు ముగ్గురి బదులు ఇరవై మందిని కూర్చోబెట్టి, ఒకరిని కార్డు మూల మడత చూడమనండి, ఇంకొకరిని టీ మరక చూడమనండి. పిక్కలు అలాంటివాళ్ల దగ్గరికి కూడా చేరతాయి, పాత కార్డులన్నీ తప్పు లేకుండా చెప్పేస్తారు, కొత్త కార్డు రాగానే బోల్తా పడతారు. దాన్ని పట్టుకోవడానికి ఉన్న దారి ఏమిటంటే కొన్ని కార్డులను ఆటలో వాడకుండా పక్కన పెట్టి చివర్లో చూపించడం. పాతవాటిలో సున్నా తప్పులు, పక్కన పెట్టినవాటిలో బోలెడు తప్పులు వస్తే అది బట్టీ.

అపోహ 3: ఉదాహరణలు ఎన్ని ఎక్కువ ఇస్తే అంత బాగా నేర్చుకుంటుంది.

మొదటి స్థితికి, అంటే తలా రెండు పిక్కలకు, వెనక్కి వెళ్లి వేరే కట్ట ఇవ్వండి. మగ్గినవన్నీ పసుపు, మెత్తన, వాసన మూడూ ఉన్నవి, మగ్గనివన్నీ ఏదీ లేని పచ్చికాయలు. మొదటి కార్డు నుంచే అన్నీ సరైన జవాబులు, ఒక్క పిక్క కూడా కదలదు. ఇలాంటివి ఇంకో 500 కార్డులు ఇచ్చినా కదలదు. ఆ తర్వాత కార్బైడ్ కాయ ఇస్తే నాలుగు పిక్కలు పడి "మగ్గింది" అంటారు. ఆ కార్డు ఒక్కటి ముందే కట్టలో ఉండి ఉంటే ఆ 500 కన్నా ఎక్కువ నేర్పేది. జనం డేటా ఎంత ఉందని అడుగుతారు గానీ, రంగుకీ పండుకీ పొత్తు కుదరని కాయలు అందులో ఉన్నాయా అని అడిగేవాళ్లు తక్కువ, నాకు అదే ముఖ్యమైన ప్రశ్న.

అపోహ 4: ఓపిగ్గా తిప్పుతూ పోతే ఏదైనా నేర్చుకుంటుంది.

ఈసారి చెప్పుల కార్డులు. కార్డుకు రెండు చెప్పులు, ఒకటి ఎడమది, ఒకటి కుడిది అయితేనే జత. ఒకరు మొదటిది ఎడమదా అని చూస్తారు, రెండోవారు రెండోది ఎడమదా అని. మొదటిది మాత్రమే ఎడమదైతే జత అనాలి, అంటే మొదటి మనిషి దగ్గర కనీసం మూడు పిక్కలుండాలి. రెండోది మాత్రమే ఎడమదైనా జతే, రెండో మనిషి దగ్గరా మూడుండాలి. మరి రెండూ ఎడమవైతే ఆరు పడతాయి, జత కానిదాన్ని జత అంటారు. ఎన్ని రౌండ్లు తిప్పినా పిక్కలు పెరుగుతూ తరుగుతూ ఉంటాయే గానీ కుదురుకోవు. ఈ రకం పరిమితుల గురించి మిన్‌స్కీ, పాపర్ట్ అనే పరిశోధకులు 1969లో ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

దీనికి విరుగుడు మధ్యలో ఇంకో వరస. ఇద్దరిని అదనంగా కూర్చోబెట్టండి. ఒకరు "కనీసం ఒకటి ఎడమది" అయితే మూడు పిక్కలు జరుపుతారు, ఇంకొకరు "రెండూ ఎడమవి" అయితే ఆ మూడూ వెనక్కి లాగేస్తారు. ఇప్పుడు నాలుగు రకాల కార్డులకూ జవాబు సరిగ్గా వస్తుంది. చిక్కేమిటంటే ఇక్కడ మధ్య వరసకు పని నేను అప్పజెప్పాను, అసలు నెట్‌వర్కులో అది కూడా తప్పుల నుంచే తేలాలి. తప్పు జరిగితే అందులో మధ్య వరసవాళ్లది ఎంత, వాళ్లకు పిక్కలు అందించిన ముందు వరసవాళ్లది ఎంత అని చివరి నుంచి మొదటికి లెక్క పంచుకుంటూ వెళ్లాలి. దీన్నే బ్యాక్‌ప్రాపగేషన్ అంటారు, 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన పేపర్‌తో బాగా వాడుకలోకి వచ్చింది. అలా తేలిన మధ్య వరసలో ఒక్కో మనిషి దేన్ని చూస్తున్నాడో, మన రంగు మనిషి ఖాళీ చేతులు చూసి చెప్పినంత సులువుగా చెప్పలేం.